ఒకే మనిషి, మూడు కొలెస్ట్రాల్ రిపోర్టులు: ఏది నమ్మాలి?

ఉగాది వెళ్లిన వారానికి మా బావగారు ఒక ఫైలు చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చారు. అందులో మూడు ల్యాబు రిపోర్టులున్నాయి. మూడూ ఆయనవే, మూడూ కొలెస్ట్రాల్ పరీక్షలే, మొదటిదానికీ చివరిదానికీ మధ్య అయిదు వారాలకు మించి ఎడం లేదు. చెడ్డ కొలెస్ట్రాల్ అని అందరూ పిలిచే ఎల్‌డీఎల్ మొదటిదానిలో 150, రెండోదానిలో 131, మూడోదానిలో 121 ఉంది. డాక్టరు గారు మొదటి రిపోర్టు చూసి, 130 దాటితే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టడం మంచిదని చెప్పారట. బావగారి తండ్రికి యాభై రెండేళ్లకే గుండెపోటు వచ్చింది, బావగారికి ఇప్పుడు యాభై నాలుగు. అందుకే డాక్టరు ఆ గీత అక్కడ గీశారు.

"మూడు చోట్ల మూడు రకాలుగా వచ్చింది. వీటిలో ఏది నిజమో చెప్పు, ఇరవై ఎనిమిదేళ్లు ఆ ల్యాబులోనే గడిపావు కదా" అన్నారు ఆయన. అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి నా చేత అవుననిపించుకోవడానికే అడుగుతున్నారని తెలుస్తూనే ఉంది, ఎందుకంటే మూడో రిపోర్టు ఫైల్లో అన్నిటికన్నా పైన ఉంది.

మూడూ నిజమేనని నేను చెప్పిన మాట ఆయనకు రుచించలేదు. ఆ రోజు అరగంటలో చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ తీరికగా రాస్తున్నాను. నా అభిప్రాయం ఇది: రెండో రిపోర్టు మొదటి రిపోర్టును కొట్టేయదు, దాని పక్కన చేరుతుంది. ఏది సరైనదని ఎంచుకోవడం కాదు, రెండింటినీ కలిపి సగటు తీయడం పద్ధతి. ఇక మూడోసారి, నాలుగోసారి చేయించుకోవాలా వద్దా అన్నది, వచ్చే అంకెను బట్టి మనం చేయబోయే పని మారుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీదే ఆధారపడాలి.

ఒకే గొట్టం, పది అంకెలు

ల్యాబుల మీద అనుమానం ముందు తీర్చుకుందాం, ఎందుకంటే తేడా రాగానే అందరి చూపూ అటే వెళుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ప్రొఫెసరు గారు నా చేత ఒక పని చేయించారు. ఒకే మనిషి రక్తం నుంచి తీసిన సీరమ్ అనే ద్రవాన్ని ఒకే యంత్రంలో వరుసగా పదిసార్లు పెట్టి టోటల్ కొలెస్ట్రాల్ చూడమన్నారు. 192 నుంచి 200 దాకా పది ఫలితాలు వచ్చాయి. రెండు మూడు అంకెలు మళ్లీ మళ్లీ వచ్చాయి గానీ పదీ ఒకటిగా మాత్రం లేవు. నేను చేతివాటం తప్పిందేమోనని కంగారు పడితే, "ఇది తప్పు కాదు, ఇదే ఈ పరీక్ష స్వభావం" అని ఆయన ఆ కాగితాన్ని నా డైరీలో అంటించమన్నారు.

జరిగేదేమిటంటే, సీరమ్‌లోని కొలెస్ట్రాల్‌ను కొన్ని ఎంజైములతో చర్య జరిపించి చివరికి ఒక గులాబీ రంగు వచ్చేలా చేస్తారు. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రం కాంతితో కొలుస్తుంది. ఆ చర్యకు వాడే రీజెంటు కొత్త పెట్టె విప్పినా, సూది పీల్చిన సీరమ్ వెంట్రుకవాసి తక్కువైనా, గదిలో ఏసీ ఆగిపోయినా ఆ రంగులో ఇంత తేడా వస్తుంది. అందుకే ప్రతి మంచి ల్యాబులోనూ ఉదయాన్నే రోగుల నమూనాలకన్నా ముందు, విలువ ముందే తెలిసిన కంట్రోల్ సీరమ్ పెట్టి చూస్తారు. నెలకొకసారి బయటి సంస్థ పంపే తెలియని నమూనాను పరీక్షించి జవాబు పంపుతారు. వెల్లూరు సీఎంసీ నడిపే అలాంటి కార్యక్రమంలో మేమూ ఉండేవాళ్లం. మా ఫలితం మిగతా ల్యాబుల ఫలితాల మధ్య ఎక్కడ నిలిచిందో చూపే కాగితం వచ్చిన రోజు, పరీక్ష రాసిన పిల్లల్లాగా అందరం దాని చుట్టూ చేరేవాళ్లం.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకునే ల్యాబులో టోటల్ కొలెస్ట్రాల్ కొలతలో ఊగిసలాట రెండు మూడు శాతం లోపే ఉంటుంది. రెండు వేరువేరు ల్యాబులైతే, ఒకటి ఎప్పుడూ కాస్త ఎక్కువగా, ఇంకొకటి ఎప్పుడూ కాస్త తక్కువగా చూపే ధోరణి దీనికి తోడవుతుంది. కాబట్టి ల్యాబుల వాటా ఉంది, లేదనడం లేదు. కానీ బావగారి అంకెల మధ్య తేడాలో పెద్ద వాటా ల్యాబులది కాదు, ఆయన ఒంటిది.

చెయ్యి చాచకముందే జరిగేవి

ఏ జబ్బూ లేని మనిషిని, తిండి మార్చకుండా, అదే ల్యాబులో, అదే సమయానికి వారం వారం పరీక్షించినా అంకె నిలకడగా ఉండదు. కాలేయం కొలెస్ట్రాల్‌ను తయారు చేయడం, రక్తంలోంచి తిరిగి లాక్కోవడం ఒకే వేగంతో జరిగే పనులు కావు. ఆ మనిషికి అలవాటైన స్థాయి ఒకటి ఉంటుంది, ప్రతి రోజు అంకె దాని చుట్టూ పైకీ కిందికీ తిరుగుతుంటుంది. ఈ తిరుగుడు టోటల్ కొలెస్ట్రాల్‌కు సుమారు ఆరు శాతం, ఎల్‌డీఎల్‌కు సుమారు ఎనిమిది శాతం, రక్తంలోని ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లకైతే ఇరవై శాతం దాకా ఉంటుంది. నిన్న రెండు గుడ్లు తినడం వల్ల ఎల్‌డీఎల్ పెరిగిందని చాలామంది అంటారు గానీ, ఒక్క పూట తిండి ఎల్‌డీఎల్‌ను అంతగా కదిలించదు. తిండి మార్పు దాని మీద కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఒక్క పూటకే కదిలిపోయేవి ట్రైగ్లిజరైడ్లు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇంకొకటుంది, అది రక్తం తీసే తీరు. బావగారు మొదటిసారి వెళ్లిన ల్యాబులో ఆదివారం రద్దీ. కూర్చోవడానికి చోటు లేక నలభై నిమిషాలు గోడకానుకుని నిలబడ్డారు. పేరు పిలవగానే వెళ్లి కుర్చీలో కూర్చున్నారు, చేతికి పట్టీ కట్టారు, నరం దొరకలేదు, పిడికిలి బిగించి విప్పమన్నారు, పట్టీ అలాగే ఉంచి రెండో చేతి వైపు చూసి మళ్లీ మొదటి చేతికే వచ్చారు. ఇదంతా ఆయనకు చిన్న చికాకుగా గుర్తుంది. నాకు మాత్రం ఆ కథలో రెండు చోట్ల అంకె పెరగడం కనిపించింది.

మనిషి నిలబడి ఉన్నప్పుడు కాళ్లలోని రక్తనాళాల నుంచి నీరు నెమ్మదిగా చుట్టూ ఉన్న కండలోకి ఊరుతుంది. కొలెస్ట్రాల్‌ను మోసే కణాలు పెద్దవి, అవి ఆ గోడలు దాటలేవు. నీరు తగ్గి, కణాలు మిగిలితే, పప్పుచారు మరిగిన కొద్దీ చిక్కబడ్డట్టే రక్తం చిక్కబడుతుంది. పడుకున్న మనిషి రక్తానికీ, చాలాసేపు నిలబడ్డ మనిషి రక్తానికీ ఈ ఒక్క కారణంగానే కొలెస్ట్రాల్‌లో పది శాతం దాకా తేడా రావచ్చు. కూర్చున్నవారి అంకె ఈ రెండింటి నడుమ ఉంటుంది. చేతికి పట్టీ బిగించి నిమిషం దాటి ఉంచినా ఆ చేతిలో జరిగేది ఇదే. అందుకే రక్తం తీసేముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి, నరం దొరకగానే పట్టీ వదులు చేయాలి అన్నది మేము కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పే పాఠం. రద్దీ ఉన్న రోజున మొదట గాలికి వదిలేసేదీ ఆ పాఠాన్నే. రెండో ల్యాబు మనిషి ఇంటికే వచ్చి, మంచం మీద దిండుకానుకుని పేపరు చదువుకుంటున్న బావగారి చేతి నుంచి రక్తం తీసుకున్నాడు. 150కీ 131కీ మధ్య ఉన్న తేడాలో కొంత ఆ గోడకూ ఆ మంచానికీ మధ్య ఉన్న తేడా.

ఒంట్లో జబ్బు ఉంటే మాత్రం ఇంతకన్నా పెద్ద తేడా వస్తుంది. మా వీధిలో ఉండే ఒక రిటైర్డు ఉద్యోగికి ఎల్‌డీఎల్ 162 వచ్చింది. నూనె తగ్గించి పథ్యం చేస్తూ ఉండగా న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరారు. ఇంటికి వచ్చిన వారానికి పరీక్షిస్తే 104. పథ్యం పనిచేసిందని సంతోషించి, ఇక ఆ విషయం మరిచిపోవచ్చనుకున్నారు. గట్టి ఇన్‌ఫెక్షను, పెద్ద ఆపరేషను, గుండెపోటు లాంటివి వచ్చినప్పుడు ఎల్‌డీఎల్ కొన్ని వారాల పాటు పడిపోతుంది, అది మన మంచికి తగ్గడం కాదు. రెండు నెలలు ఆగి మళ్లీ చూడమని బతిమాలితే చేయించారు, 157 వచ్చింది. గుండెపోటుతో వచ్చినవారికి మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే కొలెస్ట్రాల్ చూడటం ఈ కారణంగానే, ఆ తర్వాత తీసిన నమూనా అసలు స్థాయిని చూపదు.

థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. గర్భిణికి పెరుగుతుంది. స్టెరాయిడ్ల వంటి కొన్ని మందులతో పెరుగుతుంది. చలికాలంలో చాలామందికి కాస్త ఎక్కువగానే ఉంటుంది. వీటి గురించి డాక్టర్లు ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇక్కడ ఆగను.

లెక్కలోంచి పుట్టే ఎల్‌డీఎల్

ఇప్పుడు బావగారు పైన పెట్టుకున్న మూడో రిపోర్టు దగ్గరికి వస్తాను. ఆ రిపోర్టులో ఎల్‌డీఎల్ పక్కన చిన్న అక్షరాల్లో "లెక్కించినది" అన్న అర్థం వచ్చే మాట ఉంది. మన దగ్గర చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను కొలవవు. టోటల్ కొలెస్ట్రాల్, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు, ఈ మూడూ కొలిచి, టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేస్తాయి. మిగిలిందే ఎల్‌డీఎల్. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు ప్రకటించిన సూత్రం ఇది. చవకగా, చక్కగా పనిచేస్తుంది కాబట్టే యాభై ఏళ్లుగా నిలిచింది. కానీ ఆ అయిదో వంతు అన్నది ఒక అంచనా. ట్రైగ్లిజరైడ్లు పెరిగిన కొద్దీ ఆ అంచనా ఉండాల్సినదానికన్నా ఎక్కువ తీసేస్తుంది, ఎల్‌డీఎల్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క వేయకూడదని మొదటి నుంచీ నియమం ఉంది. 400 లోపు కూడా, ముఖ్యంగా ఎల్‌డీఎల్ 70 కన్నా తక్కువ ఉన్నవారిలో, ఇది తడబడుతుంది. ఈ లోపాన్ని సరిదిద్దే కొత్త సూత్రాలు 2013లోనూ 2020లోనూ వచ్చాయి, కొన్ని ల్యాబులు వాటిని వాడుతున్నాయి, కొన్ని ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలుస్తున్నాయి. కాబట్టి ఒక ల్యాబు కొలిచిన అంకెను ఇంకో ల్యాబు లెక్కించిన అంకెతో పోల్చేముందు ఆ చిన్న అక్షరాలు చదవాలి.

బావగారి మూడు రిపోర్టులూ లెక్కించినవే. మొదటిదానిలో టోటల్ 224, హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్లు 165. అయిదో వంతు 33. 224లోంచి 41, 33 తీసేస్తే 150. రెండోదానిలో టోటల్ 198, హెచ్‌డీఎల్ 43, ట్రైగ్లిజరైడ్లు 120, మిగిలింది 131. మూడోదానిలో టోటల్ 212, హెచ్‌డీఎల్ 39, ట్రైగ్లిజరైడ్లు 260. అయిదో వంతు 52 పోగా మిగిలింది 121.

ట్రైగ్లిజరైడ్లు పన్నెండు రోజుల్లోనో నెలలోనో మామూలుగా 120 నుంచి 260కి వెళ్లవు. అడిగితే సంగతి తెలిసింది. అది మేనల్లుడి పెళ్లి ముగిసిన మర్నాటి ఉదయం. రెండు రోజులు పెళ్లి భోజనాలు, మిఠాయిలు, రాత్రి స్నేహితులతో రెండు పెగ్గులు, అర్ధరాత్రి దాటాక మళ్లీ బిర్యానీ. ఉదయం ఏడున్నరకు "పరగడుపుతోనే" ల్యాబుకు వెళ్లారు. మద్యం, ఆలస్యపు భోజనం ట్రైగ్లిజరైడ్లను ఎత్తేశాయి, ఎత్తిన ట్రైగ్లిజరైడ్లు లెక్కలో ఎల్‌డీఎల్‌ను దించేశాయి. ఆయన సంతోషించిన 121 ఆ పెళ్లి విందు వల్ల వచ్చింది.

ఇలాంటప్పుడు నేను చూసే అంకె వేరే ఉంది. టోటల్ కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేస్తే వచ్చేదాన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. ఇందులో ట్రైగ్లిజరైడ్ల ప్రమేయం లేదు, తిన్నా తినకపోయినా పెద్దగా మారదు. బావగారి మూడు రిపోర్టులకూ ఆ లెక్క వేశాను: 183, 155, 173. ఎల్‌డీఎల్ వరుస చూస్తే 150, 131, 121 అని మెట్లు దిగుతున్నట్టుంది. నాన్-హెచ్‌డీఎల్ వరుస దిగి మళ్లీ ఎక్కింది. ఆయన దిగాననుకున్న మెట్లు లేవు. ఆ కాగితం మీద రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి రాసి చూపించినప్పుడే ఆయన ముఖంలో మొదటిసారి అనుమానం కనిపించింది.

పరగడుపు అవసరమే లేదా అని మీరు అడగవచ్చు. మామూలు తనిఖీకి అవసరం లేదని యూరప్ నిపుణుల సంఘాలు 2016లోనే చెప్పాయి, ఆ మాటతో నాకు పేచీ లేదు. మామూలు తిండి తిన్నాక సగటున ట్రైగ్లిజరైడ్లు పాతిక ముప్పై పెరుగుతాయి, ఎల్‌డీఎల్ ఎనిమిది దాకా తగ్గుతుంది, అంతే. కానీ ఆ సగటులో పెళ్లి విందు లేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా వచ్చినా, అంకె నిర్ణయపు గీత దగ్గర ఉన్నా పన్నెండు గంటల పరగడుపుతో మరోసారి చూడటమే నాకు ఇష్టం.

తేడా ఎంత ఉంటే అది మార్పు

ఒంటి ఊగిసలాట ఎనిమిది శాతం, ల్యాబు ఊగిసలాట మూడు శాతం అనుకుంటే, రెండూ కలిసి ఎల్‌డీఎల్‌కు దాదాపు ఎనిమిదిన్నర శాతం అవుతుంది. ఇవి మామూలుగా కూడవు, వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి, అందుకే పదకొండు కాలేదు. దీని నుంచి రెండు ఉపయోగపడే సంగతులు తేలతాయి.

మొదటిది, రెండు పరీక్షల మధ్య ఎల్‌డీఎల్ తేడా దాదాపు ఇరవై నాలుగు శాతం దాటితే తప్ప, ఒంట్లో నిజంగా ఏదో మారిందని గట్టిగా చెప్పలేం. ట్రైగ్లిజరైడ్లకైతే ఆ హద్దు యాభై శాతం పైనే. బావగారి 150కీ 131కీ తేడా 19, అంటే పదమూడు శాతం దగ్గర. ఆ రెండు పరీక్షల మధ్య పన్నెండు రోజులూ ఆయన పొద్దున్నే ఒక కషాయం తాగారు, దానివల్లే తగ్గిందని ఇంటిల్లిపాదికీ చెప్పారు. కషాయం తాగకపోయినా ఆ తేడా రావచ్చు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మళ్లీ పరీక్ష చేయించుకునేది ఎవరు? మొదటిసారి ఎక్కువ వచ్చినవారు. మొదటిసారి ఎక్కువ వచ్చినవారిలో, ఆ రోజు తమ అలవాటు స్థాయికన్నా పైన ఉన్నవారు ఎక్కువమంది ఉంటారు. రెండోసారి వాళ్లు ఏమీ చేయకపోయినా సగటున కాస్త తక్కువ వస్తుంది. కషాయాలకూ పొడులకూ వచ్చిన పేరులో చాలా భాగం ఇక్కడి నుంచి వచ్చిందే. ఆ పొడి తాగినవారు అబద్ధం చెప్పడం లేదు, రిపోర్టులో నిజంగానే తగ్గింది. తాగనివారి రెండో రిపోర్టు పక్కన పెట్టి చూడకపోవడంతోనే చిక్కు వచ్చింది.

రెండో సంగతి సగటు విలువ గురించి. ఒక్క పరీక్షలో 140 వస్తే, ఆ మనిషి అలవాటు స్థాయి రమారమి 117 నుంచి 163 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. రెండు పరీక్షల సగటు 140 అయితే ఆ వెడల్పు అటూ ఇటూ పన్నెండు శాతానికి, మూడింటి సగటైతే పది శాతానికి తగ్గుతుంది. నాలుగోదానితో ఒకటిన్నర శాతం కూడా తగ్గదు. అంటే ఒకటి నుంచి రెండుకు వెళ్లడంలో లాభం ఉంది, రెండు నుంచి మూడుకు కొంత ఉంది, ఆ పైన డబ్బులూ రక్తమూ దండగ.

ఎప్పుడు మళ్లీ చూడాలి

నా లెక్కలో మళ్లీ చేయించుకోవడానికి ఉన్న గట్టి కారణం, సగటు అంకె నిర్ణయపు గీతకు ఊగిసలాట దూరంలో ఉండటం. గీత 130 అయినప్పుడు 140 వచ్చిన మనిషికి రెండో పరీక్ష అవసరం, 95 వచ్చినవారికి అక్కర్లేదు. 215 వచ్చినవారికి కూడా, మాత్ర కావాలా వద్దా అన్న ప్రశ్న కోసం అక్కర్లేదు. ఏ గోడకానుకుని నిలబడినా 130 మనిషికి 215 రాదు. 190 పైన వచ్చినవారికి ఒకసారి నిర్ధారణకు చూసి, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించి, తల్లిదండ్రుల, పిల్లల కొలెస్ట్రాల్ గురించి అడగాలి, ఎందుకంటే అది వంశంలో నడిచే రకం కావచ్చు. అక్కడ రిపోర్టు తప్పేమోనని నాలుగు ల్యాబులు తిరగడం కాలయాపనే.

జబ్బు చేసినప్పుడు తీసిన నమూనా, విందు మర్నాటి నమూనా, ఇవి ఎలాగూ మళ్లీ చూడవలసినవే. మాత్ర మొదలుపెట్టాక ఒకటి నుంచి మూడు నెలల లోపు చూడటం కూడా అవసరం. స్టాటిన్ మాత్ర మామూలు మోతాదుతోనే ఎల్‌డీఎల్‌ను మూడో వంతుకు పైగా తగ్గిస్తుంది. అది ఊగిసలాటను దాటిన తేడా కాబట్టి ఒక్క పరీక్షలోనే కనిపిస్తుంది. కనిపించకపోతే మాత్ర వేసుకోవడం లేదన్నా కావాలి, థైరాయిడ్ లాంటిది ఏదో ఉందన్నా కావాలి.

కానీ మోతాదును రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది ఆరు శాతం దగ్గరే. ఎనిమిదిన్నర శాతం ఊగే కొలతతో ఆరు శాతం మార్పును ఒక మనిషిలో ఒక్క పరీక్షతో పట్టుకోవాలనుకోవడం, పడవలో నిలబడి తులాల లెక్కన బంగారం తూచడం లాంటిది. మోతాదు పెంచాక పెరిగిన అంకె చూసి "మందు వికటించింది" అని వచ్చినవారిని నేను చూశాను. అలాగే నిలకడగా మాత్ర వేసుకుంటూ, అంకె గీతకు బాగా కింద ఉన్నవారు మూడు నెలలకోసారి చూసుకోవడం వల్ల దొరికేది ఎక్కువగా ఉత్త ఊగిసలాటే. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో గుండెజబ్బు వచ్చినవారి మీద జరిగిన లిపిడ్ అనే పెద్ద ప్రయోగపు సమాచారాన్ని తిరగేసి 2008లో కొందరు పరిశోధకులు ఇదే చూపించారు. మందు మీద ఉన్నవారిలో అసలు స్థాయి ఏడాదికి ఒక శాతం కూడా మారలేదు, పరీక్ష ఊగిసలాట మాత్రం ఏడు శాతం ఉంది. ఏడాదికోసారి చూసినా, పెరిగిందని కనిపించేవాటిలో చాలా భాగం నిజమైన పెరుగుదల కాదన్నది వారి లెక్క.

ఒక డాక్టరు అభ్యంతరం

ఇదంతా విని నాతో కలిసి పనిచేసిన ఒక డాక్టరు గారు కోప్పడ్డారు. "మీరు ఇలా రాస్తే, రిపోర్టులన్నీ ఊగుతాయట అని మాత్ర మానేసేవాళ్లు పదిమంది తయారవుతారు" అన్నారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆవిడ చూసే మనుషులను నేను చూడలేదు, నా ముందుకు వచ్చింది గొట్టాలే. మానేయడానికి సాకు వెతుకుతున్నవారికి ఊగిసలాట మంచి సాకే.

అయినా దాచడం వల్ల మేలు జరుగుతుందని నాకు అనిపించదు. మూడు ల్యాబులు తిరిగే మనిషికి తేడా ఎలాగూ కనిపిస్తుంది, దానికి కారణం చెప్పకపోతే అన్నిటికన్నా తక్కువ అంకెను ఎంచుకుంటాడు. ఊగిసలాట రెండు వైపులా ఉందని చెబితే, 121 చూపించిన కాగితం వెనక 140 ఉండవచ్చని కూడా తెలుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మాటకు పూర్తిగా తల వంచాను. ఇదివరకే గుండెపోటు వచ్చినవారికి, స్టెంటు వేయించుకున్నవారికి స్టాటిన్ వేసుకోవాలా అన్నది అంకె మీద ఆధారపడిన ప్రశ్నే కాదు. వారికి 150 వచ్చినా 90 వచ్చినా మాత్ర కావాలి. అలాంటివారు తక్కువ అంకె కోసం మళ్లీ మళ్లీ పరీక్ష చేయించుకుని, దొరికిన రోజున మాత్ర ఆపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఈ వ్యాసంలోని లెక్కలు వారికి వర్తించవు.

బావగారి నాలుగో పరీక్ష

పెళ్లి మర్నాటి రిపోర్టును పక్కన పెడితే మిగిలిన రెండింటి సగటు 140.5. పన్నెండు శాతం వెడల్పుతో చూస్తే 124 నుంచి 157 మధ్య. 130 గీత ఆ మధ్యలోనే ఉంది, కాబట్టి మరొక్క పరీక్షకు అర్థం ఉంది. అది చేయించేముందు ఒక షరతు పెట్టాను: వచ్చే అంకెను ముందు రెండింటితో కలిపి సగటు తీస్తాం, ఆ సగటు 130 దాటితే డాక్టరు చెప్పినట్టు వింటారు, ఎంత వచ్చినా అయిదో పరీక్ష ఉండదు. అంకె చూశాక నియమం పెట్టుకుంటే ఎవరికైనా మనసు తమ వైపే లాగుతుంది. మా అక్క ముందు ఆయన చేత ఒప్పించాను.

నెల రోజుల తర్వాత, రద్దీ లేని మంగళవారం ఉదయం నేనే వెంట వెళ్లాను. మద్యం, విందు లేకుండా మామూలుగా గడిచిన రెండు వారాల తర్వాత, పన్నెండు గంటల పరగడుపు. మొదట వెళ్లిన ల్యాబే. పది నిమిషాలు బెంచీ మీద కూర్చోబెట్టాను. రక్తం తీసిన అమ్మాయి సూది లోపలికి వెళ్లగానే పట్టీ వదులు చేసింది, చెప్పకుండానే. టోటల్ 208, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిజరైడ్లు 140, ఎల్‌డీఎల్ 138. మూడింటి సగటు 139.7. నాన్-హెచ్‌డీఎల్ 166.

బావగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "మరి ఆ 121?" అని ఒకసారి అడిగారు, నేను జవాబు చెప్పేలోపే ఫైలు మూసేశారు. డాక్టరు గారు పది మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ రాశారు. రెండు నెలలకు ఎల్‌డీఎల్ 86. ఆ తర్వాత ఆరు నెలలకు చూస్తే 93, ఆ సాయంత్రమే ఫోను చేశారు. "ఏడు పెరిగింది, ఎనిమిది శాతం. ఇది నువ్వు చెప్పిన ఇరవై నాలుగు లోపలే కదా?" అన్నారు. లోపలే అన్నాను. తర్వాతి పరీక్ష ఏడాదికి అని డాక్టరు గారు ఫైలు అట్ట మీద రాశారట.